ఎనిమిదో స్పిన్ ధర 499 డైమండ్లు

2021 జూన్ చివర్లో ఛత్తీస్‌గఢ్‌లోని కాంకేర్ జిల్లా పఖాంజూర్ పోలీసుల దగ్గరికి ఒక తల్లి ఫిర్యాదు తీసుకుని వెళ్లింది. బ్యాంకు ఖాతాలోంచి 3 లక్షల 22 వేల రూపాయలు పోయాయి. ఫోనుకు ఓటీపీ ఒక్కటీ రాలేదు. ఇది సైబర్ దొంగల పనే అయి ఉంటుందని ఆమె అనుమానం. పోలీసులు లావాదేవీలు తిరగేస్తే మార్చి 8 నుంచి జూన్ 10 లోపు 278 చెల్లింపులు కనిపించాయి. డబ్బంతా ఫ్రీ ఫైర్ అనే మొబైల్ ఆటకు వెళ్లింది. ఆడింది ఆమె పన్నెండేళ్ల కొడుకే. ఆటలో ఆయుధాలు కొనడానికీ, వాటి స్థాయి పెంచుకోవడానికీ ఖర్చుపెట్టానని పిల్లవాడు ఒప్పుకున్నాడు.

ఆ రోజుల్లో రాయ్‌పూర్, భిలాయ్, బిలాస్‌పూర్‌లలోని తెలుగు ఇళ్లలోనూ పిల్లల చేతుల్లో అమ్మానాన్నల ఫోన్లే ఉండేవి. బళ్లు మూతపడి పాఠాలు ఫోన్లోకి వచ్చిన కాలం అది. అందుకే ఈ వార్త చదివిన ప్రతి తల్లీ తన ఖాతా ఒకసారి చూసుకుని ఉంటుంది. మూడు లక్షలు అంటే గుండె ఆగినంత పనవుతుంది కానీ, ఆ మొత్తాన్ని 278తో భాగించి చూడండి. ఒక్కో చెల్లింపు సగటున 1,160 రూపాయలు కూడా లేదు. రోజుకు సుమారు మూడు చెల్లింపులు. ఏ ఒక్కటీ ఇంట్లో గొడవ రేపేంత పెద్దది కాదు. మూడు నెలలపాటు ఒక పిల్లవాణ్ణి రోజుకు మూడుసార్లు చొప్పున తిరిగి తిరిగి అదే దుకాణానికి రప్పించింది ఏమిటి? పిల్లవాడి మొండితనం, తల్లి ఏమరుపాటు అనేసి ఊరుకుంటే దీనికి జవాబు దొరకదు. ఆ దుకాణాన్ని ఎలా కట్టారో చూడాలి.

ఫ్రీ ఫైర్ ఆడటం ఉచితం. తుపాకులు కూడా ఆటలో ఊరికే దొరుకుతాయి. అమ్మకానికి పెట్టేది వాటి మీది తొడుగు, పిల్లలు స్కిన్ అంటారు. కొన్ని ఆటల్లో స్కిన్ అంటే ఉత్త రంగు, హంగు. ఫ్రీ ఫైర్‌లో మాత్రం చాలా స్కిన్లు తుపాకీ దెబ్బ బలాన్నో, కాల్చే వేగాన్నో కొద్దిగా పెంచుతాయి. కాబట్టి కొనుక్కున్నవాడికి ఆటలో కాస్త పైచేయి కూడా ఉంటుంది. గొప్ప స్కిన్లు చాలాసార్లు ధర చీటీ కట్టి నేరుగా అమ్మరు. డబ్బిచ్చి ఒక చక్రం తిప్పాలి, లేదా ఒక పెట్టె తెరవాలి. లోపల ఏముందో డబ్బు కట్టాకే తెలుస్తుంది. దీన్నే లూట్ బాక్స్ అంటారు. ఆటను బట్టి దాని పేరు క్రేట్, ప్యాక్, స్పిన్, రాయల్, గాచా అని మారుతుంది. ముందు డబ్బు, తర్వాత అదృష్టం అన్నది మాత్రం అన్నిట్లోనూ ఒకటే.

ఫ్రీ ఫైర్‌లో ఫేడెడ్ వీల్ అని ఒక చక్రం ఉంది. దాన్ని వివరంగా చూద్దాం, ఎందుకంటే చూడగానే ఇది ఆటగాడికి మేలు చేసేలాగే కనిపిస్తుంది. చక్రంలో పది బహుమతులు ఉంటాయి. వాటిలో ఒకటి అందరూ కోరుకునే పెద్ద బహుమతి. తిప్పడానికి ముందు మీకు అక్కర్లేని రెండింటిని మీరే తీసేయవచ్చు. మిగిలిన ఎనిమిదిలో ఒకసారి వచ్చింది మళ్లీ రాదు. అంటే ఎనిమిదిసార్లు తిప్పితే పెద్ద బహుమతి తప్పక మీదే. మోసం లేదు, గ్యారంటీ ఉంది.

ఇప్పుడు ధరలు చూడండి. ఇవి ఈవెంట్‌ను బట్టి మారుతుంటాయి. ఆటగాళ్లకు బాగా తెలిసిన వరుస ఇది: మొదటి స్పిన్ 9 డైమండ్లు, ఆ తర్వాత 19, 39, 69, 99, 149, 199, చివరిది 499. డైమండ్ అంటే ఆటలో చెల్లే డబ్బు. 100 డైమండ్లు 80 రూపాయలకు అమ్మినప్పటి లెక్కలో మొదటి స్పిన్ ఏడు రూపాయలు, చాక్లెట్ ఖరీదు. నాలుగు స్పిన్లు అయ్యేసరికి మొత్తం 136 డైమండ్లు. ఏడు అయ్యేసరికి 583. ఎనిమిదోది ఒక్కటే 499. అన్నీ కలిపితే 1,082.

ఎనిమిది బహుమతులకూ సమానమైన అవకాశం ఉంటే పెద్దది సగటున సుమారు 316 డైమండ్లకే చేతికొస్తుంది. పిల్లవాడి మనసులో నడిచే లెక్క ఇదే, చక్రంలో ఎనిమిది గళ్లూ ఒకే సైజులో కనిపిస్తాయి మరి. గళ్ల సైజుకూ అవకాశానికీ సంబంధం ఉండనక్కర్లేదు. ఏ గడి ఎంత తరచుగా రావాలో కంపెనీ కంప్యూటర్‌లో రాసిన అంకె నిర్ణయిస్తుంది. మొదటి స్పిన్‌లో పెద్ద బహుమతికి నూటికి ఒక వంతు అవకాశం ఇచ్చి, మిగతా 99 వంతులు ఏడు చిన్నవాటికి సమంగా పంచారని అనుకుందాం. ఇది నేను ఉదాహరణకు తీసుకున్న అంకె. లెక్క కడితే, నూరుమంది ఆడితే 84 మంది ఎనిమిదో స్పిన్ దాకా వెళ్తేగాని పెద్ద బహుమతి అందదు. అంటే చాలామందికి ఆ స్కిన్ అసలు ధర 1,082 డైమండ్లే. అదే ధర చీటీ మీద వేసి పెడితే ఏ పిల్లవాడైనా రెండుసార్లు ఆలోచిస్తాడు. తొమ్మిది డైమండ్లతో మొదలుపెట్టి ఎనిమిది మెట్లుగా విడగొట్టడంతో ఆలోచించే ఆ క్షణమే రాదు. ఏడో స్పిన్ అయ్యాక ఆగిపోతే అప్పటిదాకా పెట్టిన 583 వృథా అయినట్టు అనిపిస్తుంది. 499 చేదుగా ఉన్నా మింగేది అందుకే.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. డైమండ్లు మనకు కావలసినన్ని అమ్మరు, ప్యాకులుగా అమ్ముతారు. మన దేశంలో బాగా చలామణి అయిన ప్యాకుల్లో 800 రూపాయలది ఒకటి, అందులో 1,060 డైమండ్లు. చక్రం పూర్తికి కావలసింది 1,082. ఇరవై రెండు తక్కువ! ఆ ఇరవై రెండు కోసం ఇంకో 80 రూపాయల ప్యాకు కొనాలి. కొన్నాక 78 డైమండ్లు మిగులుతాయి. మిగిలినవాటిని వెనక్కి ఇచ్చి రూపాయలు తీసుకునే వీలు లేదు. వచ్చే చక్రంలో మొదటి మూడు స్పిన్లకు అవి సరిపోతాయి, ఆ మూడు అయ్యాక మళ్లీ ప్యాకు కొనాలి. రూపాయి డైమండ్‌గా మారిన క్షణం నుంచి పిల్లవాడు ఖర్చుపెట్టేది డబ్బులా అనిపించదు. పెద్దవాళ్లకే 499 డైమండ్లంటే ఎన్ని రూపాయలో వెంటనే తట్టదు. అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో గెన్‌షిన్ ఇంపాక్ట్ ఆట కంపెనీ మీద చేసిన ఆరోపణల్లో ఇదీ ఒకటి: రకరకాల ఆట నాణేల మధ్య మారకాలు పెట్టి అసలు ఖర్చు తెలియకుండా చేశారని. కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టడానికీ, తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్లలోపు పిల్లలకు లూట్ బాక్సులు అమ్మకుండా ఉండటానికీ ఒప్పుకుంది.

ఫేడెడ్ వీల్‌కు కనీసం ఒక అంతం ఉంది. చాలా లూట్ బాక్సులకు అదీ లేదు. మన చిన్నప్పుడు కిరాణా కొట్టులో లాటరీ అట్ట వేలాడేది, అది గుర్తున్నవాళ్లకు ఈ తేడా ఇట్టే బోధపడుతుంది. అట్టకు నూరు చీటీలు అతికించి ఉంటే, ఒక్కొక్కటీ చింపుతున్న కొద్దీ మిగిలినవి తగ్గుతాయి. తొంభై ఖాళీ చీటీలు పోయాక బొమ్మ కారు ఆ మిగిలిన పదిలోనే ఉండాలి. లూట్ బాక్సులో చీటీలు తగ్గవు. ఒకటి చింపగానే కొట్టువాడు కొత్త అట్ట తగిలించినట్టే. నూటికి ఒక వంతు అవకాశం ఉన్న బహుమతి కోసం నూరుసార్లు ప్రయత్నిస్తే తప్పక వస్తుందని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటారు. నిజానికి నూరుసార్లు ప్రయత్నించినవాళ్లలో 37 శాతం మంది ఖాళీ చేతులతో మిగులుతారు. రెండు వందలసార్లు ప్రయత్నించినా 13 శాతం మందికి రాదు. మూడు వందల తర్వాత కూడా ప్రతి ఇరవై మందిలో ఒకరు ఇంకా తిప్పుతూనే ఉంటారు. “ఇన్నిసార్లు రాలేదు కాబట్టి ఇక వచ్చేస్తుంది” అని మీ అబ్బాయి అన్నాడంటే ఈ లెక్క అతనికి తెలియదన్నమాట. కాగితం మీద వేసి చూపించండి. పన్నెండేళ్లవాడికి అర్థం కానంత కష్టమైనదేం కాదు.

కొన్ని ఆటలు ఇన్నిసార్లు విఫలమైతే పెద్ద బహుమతి ఖాయమని ఒక హద్దు పెడతాయి. అది వినియోగదారుడికి రక్షణే. అదే సమయంలో “ఇంకో పదిహేను తిప్పితే ఖాయం” అన్న ఎర కూడా అదే. రెండూ నిజం.

లెక్క తెలిసినా చెయ్యి ఆగదెందుకు అన్నది తర్వాతి ప్రశ్న. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి పావురాల మీద ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలను 1957లో పుస్తకంగా వేశాడు. ముక్కుతో బిళ్లను నొక్కిన ప్రతిసారీ గింజ వస్తే పావురం ఆకలి తీరేదాకా నొక్కి ఊరుకుంటుంది. గింజలు ఆపేస్తే త్వరగానే మానేస్తుంది. ఎన్ని నొక్కులకు గింజ వస్తుందో తెలియకుండా చేస్తే మాత్రం ఆగకుండా నొక్కుతుంది. గింజలు పూర్తిగా ఆపేశాక కూడా చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. క్యాసినోలోని స్లాట్ యంత్రం ఈ పద్ధతిలోనే చెల్లిస్తుంది. లూట్ బాక్సు కూడా ఇంతే.

మెదడు లోపల ఏం జరుగుతుందో వోల్‌ఫ్రామ్ షుల్ట్‌జ్ బృందం కోతుల మీద చేసిన పరిశోధనల్లో కొంత తేలింది. డోపమిన్ విడుదల చేసే నాడీకణాలు బహుమతికి కాక, అనుకోని బహుమతికి గట్టిగా స్పందిస్తాయి. ముందే తెలిసిన పండ్ల రసం చుక్క వాటిని కదిలించదు. వస్తుందో రాదో తెలియని స్థితిలో, ఎదురుచూసే ఆ కొద్ది క్షణాల్లోనే వాటి చలనం పెరుగుతుంది. ఇప్పుడు ఆటలో పెట్టె తెరిచే దృశ్యాన్ని ఒకసారి మీ పిల్లల పక్కన కూర్చుని చూడండి. ఫలితం సర్వర్‌లో ఎప్పుడో నిర్ణయమైపోయింది, దాన్ని చూపించడానికి ఒక్క క్షణం చాలు. అయినా చక్రం తిరుగుతుంది, నెమ్మదిస్తుంది, బంగారు గడి దగ్గరికి వచ్చి పక్క గడిలో ఆగుతుంది. కొద్దిలో తప్పినట్టు అనిపించే ఆ ఓటమికి ఆడేవాళ్ల మెదడు గెలుపుకు దగ్గరగా స్పందిస్తుందని ల్యూక్ క్లార్క్ బృందం 2009లో మెదడు స్కానింగ్‌తో చూపించింది. గడి పక్కన ఆగడానికి, దూరంగా ఆగడానికి డబ్బులో తేడా లేదు. మళ్లీ తిప్పాలన్న కోరికలో మాత్రం తేడా ఉంది. పన్నెండేళ్లప్పుడు ఈ ఉత్సాహం పూర్తి వేగంలో ఉంటుంది. దానికి కళ్లెం వేసే మెదడు ముందుభాగం ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది.

ఇంతకీ లూట్ బాక్సులు పిల్లల్ని జూదరుల్ని చేస్తాయా? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. డేవిడ్ జెండిల్, పాల్ కెయిర్న్స్ 2018లో 7,422 మంది ఆటగాళ్లను సర్వే చేసి, జూదం సమస్య ఎంత ఎక్కువగా ఉన్నవాళ్లు లూట్ బాక్సులకు అంత ఎక్కువ ఖర్చుపెడుతున్నారని కనుక్కున్నారు. తర్వాతి అధ్యయనాలూ చాలావరకు ఇదే సంబంధం చూపించాయి. ఇది సంబంధమే. పెట్టెలు జూదం వైపు తోస్తున్నాయా, జూదం వైపు మొగ్గే మనుషులే పెట్టెల దగ్గర ఎక్కువ ఖర్చుపెడుతున్నారా అన్నది ఇలాంటి సర్వే తేల్చలేదు. తల్లిదండ్రులకు రెండో సంగతి కూడా తక్కువదేం కాదు. ఎవరికి ఆగడం కష్టమో వాళ్ల దగ్గరే ఈ దుకాణానికి ఎక్కువ ఆదాయం వస్తోందన్నమాట. పెట్టె తెరిచిన ప్రతి పిల్లవాడూ వ్యసనపరుడు కాడు, చాలామంది కొన్ని రూపాయలతో సరదా తీర్చుకుని మానేస్తారు.

చట్టం చూసుకుంటుందిలే అనుకునేవాళ్లు కొంచెం ఆగాలి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఫ్రీ ఫైర్‌ను నిషేధించింది. అది ఇతర యాప్‌లతో కలిపి దేశభద్రత కారణంగా వేసిన నిషేధం, చక్రాల కోసం కాదు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే మరో రూపం అందుబాటులోనే ఉండిపోయింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు కట్టి, గెలిచి డబ్బో మరో లాభమో పొందాలన్న ఆశతో ఆడే ఆటల్ని, నైపుణ్యమైనా అదృష్టమైనా, అది నిషేధించింది. రమ్మీ యాప్‌లు మూతపడ్డది దానితోనే. పందెం అన్నమాటలో కొనుక్కున్న నాణేలు, టోకెన్లు కూడా వస్తాయని ఆ చట్టం రాసింది. లూట్ బాక్సు పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. పెట్టెలో వచ్చే స్కిన్‌ను కంపెనీ తిరిగి కొనదు కాబట్టి అది ఆర్థిక లాభం కాదని కంపెనీలు వాదిస్తాయి. బజారులో అరుదైన స్కిన్లున్న ఖాతాలే చేతులు మారుతుండటం ఆ వాదన బలహీనతను చూపిస్తుంది. చట్టం స్పష్టంగా ఉన్నచోటా అమలు కష్టమే. బెల్జియం 2018లో డబ్బుతో కొనే లూట్ బాక్సుల్ని జూదంగా ప్రకటించింది. 2022లో పరిశోధకుడు లియోన్ షియావ్ అక్కడి ఐఫోన్‌లో ఎక్కువ ఆదాయం తెచ్చే నూరు ఆటల్ని పరిశీలిస్తే 82 ఆటల్లో అవి ఇంకా దొరికాయి.

కాబట్టి చూసుకోవలసింది ఇంట్లోనే. ఎన్ని గంటలు ఆడుతున్నాడు అన్నది అందరూ అడిగే ప్రశ్న. డబ్బు సంగతిలో దాని ఉపయోగం తక్కువ. రోజుకు నాలుగు గంటలు ఆడి ఒక్క రూపాయి పెట్టని పిల్లలున్నారు, అరగంట ఆడి ఐదు స్పిన్లు తిప్పేవాళ్లూ ఉన్నారు. “కొనేముందు ఏం వస్తుందో నీకు తెలుస్తుందా?” అని అడగండి. తెలిస్తే అది కొనుగోలు, ధర నచ్చితే కొనవచ్చు. తెలియకపోతే పిల్లవాడినే ఆ చక్రం పేజీలో అవకాశాల పట్టిక ఎక్కడుందో చూపించమనండి. ఆపిల్ 2017 నుంచి, గూగుల్ ప్లే 2019 నుంచి కొనేముందే ఈ శాతాలు చూపాలని నియమం పెట్టాయి. ప్రశ్నార్థకం గుర్తు వెనకో, చిన్న అక్షరాల కిందో ఉంటాయి. అవి చూసి, ప్యాకు ధరను రూపాయల్లోకి మార్చి, ఇద్దరూ కలిసి లెక్క వేస్తే కోపతాపాలు లేకుండానే సగం సంభాషణ అయిపోతుంది.

ఆ తర్వాత డబ్బు దారి. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోర్ తెరిచి, పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Settings లోకి వెళ్తే Purchase verification అని ఉంటుంది. ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. వేలిముద్రతో పనిచేసేలా పెడితే ఆ ఫోనులో పిల్లల వేలు నమోదై ఉందేమో చూడండి. దాచిపెట్టిన కార్డు ఉంటే తీసేయండి. యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ అడగదు, పిల్లల చేతికిచ్చే ఫోనులో అది ఉండకపోవడం మేలు. ఇన్ని తలుపులు వేసినా ఇంకో దారి ఉంది. రీడీమ్ కోడ్‌లు నగదుతో కొనవచ్చు, ప్లేయర్ ఐడీ ఇస్తే స్నేహితుడు కూడా డైమండ్లు వేయించగలడు. అందుకే ఆటలోని కొనుగోలు చరిత్రనూ, ప్లే స్టోర్‌లోని Payments & subscriptions కింద ఉన్న Budget & history నీ నెలకోసారి పిల్లవాడితో కలిసే చూడండి. “ఈరోజుతో ఈవెంట్ అయిపోతుంది, ఒక్క వంద వేయించు” అన్న మాట వారం వారం వినిపిస్తే అప్పుడే చూడాలి.

డబ్బు పోయిందని తెలిసిన రోజు మొదటి గంట చాలా ముఖ్యం. 2021 జూలైలో మధ్యప్రదేశ్‌లోని ఛతర్‌పూర్‌లో ఒక పదమూడేళ్ల బాలుడు ఫ్రీ ఫైర్‌లోనే 40 వేల రూపాయలు పోగొట్టి, ఇంట్లోవాళ్లకు ముఖం చూపించలేక ప్రాణం తీసుకున్నాడు. తిట్టడానికి, లెక్క అడగడానికి తర్వాత చాలా సమయం ఉంటుంది. పిల్లవాడు మాట్లాడకుండా ముడుచుకుపోయినా, అన్నం మానేసినా 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్ ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు.

కోపంలో ఆటను, ఖాతాను తుడిచేయడం చాలామంది చేసే పని. వద్దు. ఏ తేదీన, ఎంత, ఏ ప్యాకుకు పోయిందన్న వివరం ఆ ఖాతాలోనే ఉంటుంది. ముందు ఆ పేజీలన్నీ స్క్రీన్‌షాట్లు తీసి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో తేదీలు కలపండి. గూగుల్ ప్లేలో కొన్నది 48 గంటల లోపైతే నేరుగా రిఫండ్ అడగవచ్చు. అనుమతి లేకుండా జరిగిన చెల్లింపుల గురించి 120 రోజుల లోపు తెలియజేయవచ్చు. అడిగిన ప్రతిసారీ డబ్బు తిరిగి వస్తుందన్న హామీ లేదు, పిల్లవాడు తల్లి పిన్ తనే కొట్టి ఉంటే మరీ కష్టం. చెల్లింపులు ఎవరు చేశారో నిజంగా తెలియకపోతే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయించాలి. ఆ ఫోన్ చేసేముందు ఫోను వాడిన పిల్లవాణ్ణి ఒక్కసారి నెమ్మదిగా పక్కన కూర్చోబెట్టుకుని, ఆటలో డైమండ్ల చరిత్ర తెరవమని అడగండి.